గర్భం పోయిన స్నేహితురాలికి నాలుగు మాటలు: ఏవి ఊరటనిస్తాయి, ఏవి గుచ్చుకుంటాయి, ఎందుకు

సంక్షిప్తంగా: గర్భస్రావం తర్వాత స్నేహితులు చెప్పే ఓదార్పు మాటల్లో చాలావరకు జరిగిన నష్టాన్ని తగ్గించి చూపుతాయి, లేదా వినేవారి చూపును దాని మీది నుంచి రేపటి మీదికి మళ్ళిస్తాయి. నష్టాన్ని నష్టంగా ఒప్పుకొని, జవాబు ఆశించకుండా, ఒక స్పష్టమైన సాయాన్ని మాత్రమే చెప్పే మూడు నాలుగు వాక్యాలు అంతకంటే ఎందుకు మేలో, అవి ఎప్పుడు చేరితే ఉపయోగమో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల పరిస్థితిని ఇందుకు ఆధారంగా తీసుకుంటుంది.

పరామర్శకు పద్ధతి లేని నష్టం

ఇంట్లో ఒకరు పోతే ఏం చేయాలో తెలుగువారికి ఎవరూ నేర్పనక్కర్లేదు. కబురు తెలియగానే వెళ్ళాలి, కాసేపు కూర్చోవాలి, మాట్లాడకపోయినా ఫరవాలేదు, లేచేటప్పుడు ‘వెళ్ళొస్తాను’ అనకూడదు. ఆ తర్వాత పదకొండో రోజు, మాసికం, సంవత్సరీకం అంటూ దుఃఖానికి తేదీలు కూడా ఉంటాయి. తొలి నెలల్లో గర్భం పోయినప్పుడు వీటిలో ఏదీ ఉండదు. వెళ్ళాలో వద్దో తెలియదు, వెళ్తే ఎవరిని పలకరించాలో తెలియదు, తలచుకోవడానికి ఒక పేరు గానీ ఫోటో గానీ ఉండవు. పద్ధతి లేనిచోట మనుషులు సొంత మాటల మీద ఆధారపడతారు. ఆ మాటలు దొరకనివాళ్ళు చేతికందిన ఓదార్పు ఏదో ఒకటి చెప్పేస్తారు, లేదా ‘కదిలిస్తే బాధపడుతుందేమో’ అని పూర్తిగా ఊరుకుంటారు.

దీనికి మన ఇళ్ళలోని మరో అలవాటు తోడవుతుంది. మూడో నెల నిండేదాకా గర్భం సంగతి బయట చెప్పకూడదన్నది చాలా కుటుంబాల్లో పాటించే నియమం. దిష్టి భయం అందులో కొంత ఉన్నా, తొలి నెలల్లో గర్భం నిలుస్తుందో లేదో తెలియదన్న అనుభవం కూడా దాని వెనక ఉంది, అది వాస్తవమే. నిర్ధారణ అయిన గర్భాల్లో సుమారు 15 శాతం గర్భస్రావంతో ముగుస్తాయని, ప్రపంచవ్యాప్తంగా ఏటా జరిగే గర్భస్రావాలు 2.3 కోట్ల దాకా ఉంటాయని 2021లో ‘లాన్సెట్’ వైద్య పత్రిక ప్రచురించిన అంచనా చెబుతోంది. వాటిలో అత్యధికం మొదటి 12 వారాల్లోనే జరుగుతాయి. అంటే నష్టం జరిగే అవకాశం ఎక్కువగా ఉన్న కాలమూ, ఎవరికీ చెప్పకుండా ఉంచే కాలమూ దాదాపు ఒక్కటే. ఫలితంగా ఆ స్త్రీ తన స్నేహితులకు శుభవార్తనూ దుర్వార్తనూ ఒకే నోట చెప్పాల్సి వస్తుంది. వినేవారికి సంతోషించే వ్యవధి లేదు కాబట్టి పోయినదాని పరిమాణం వెంటనే అందదు. ‘మొన్ననేగా తెలిసింది’ అనే మాట పుట్టేది అక్కడే. ఆమెకు మాత్రం ఆ కొద్ది వారాల్లో నెలల లెక్కలు, పుట్టింటికి వెళ్ళే తేదీలు, ఆఫీసు సెలవుల ప్రణాళికలు, కొన్నిసార్లు పేర్లు కూడా ఏర్పడి ఉంటాయి.

బెంగళూరులో ఈ ఒంటరితనం మరింత పెరుగుతుంది. మారతహళ్ళిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఉండే తెలుగు దంపతులకు అమ్మ, అత్త గుంటూరులోనో కర్నూలులోనో ఉంటారు. కబురు తెలిసి బయలుదేరినా చేరడానికి ఒక రాత్రి పడుతుంది. ఉద్యోగాలు, ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళ మందులు చూసుకుని వారం తర్వాత వచ్చేవాళ్ళూ ఉన్నారు. ఆ మధ్యకాలంలో అక్కగా, వదినగా నిలబడాల్సింది స్నేహితులే. అదే నగరంలో ఉన్నా ట్రాఫిక్ వల్ల గంటన్నర దూరంలో ఉండే ఆ స్నేహితులు మొదట చేయగలిగేది ఫోన్‌లో నాలుగు వాక్యాలు రాయడమే. అందుకే ఇక్కడ సందేశానికి పరామర్శంత విలువ వచ్చింది.

రాసేముందు తెలుసుకోవాల్సింది: ‘అయిపోయింది’ అనుకోవడం పొరపాటు

ఒక ఊహా సందర్భం తీసుకుందాం. పదో వారంలో ఉన్న స్త్రీ మామూలు పరీక్షకని మంగళవారం స్కానింగ్‌కు వెళ్ళింది. ఏడో వారంలో గుండె కొట్టుకోవడం కనిపించింది. ఈసారి పిండం ఎనిమిదో వారం పరిమాణంలోనే, సుమారు 16 మిల్లీమీటర్ల పొడవుతో ఉంది, గుండె కదలిక లేదు. రక్తస్రావం లేదు, నొప్పి లేదు, ఆ ఉదయం కూడా వేవిళ్ళు ఉన్నాయి. పిండం పొడవు 7 మిల్లీమీటర్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండి గుండె కదలిక కనిపించకపోతే గర్భం నిలవలేదని వైద్యులు నిర్ధారిస్తారు. అంతకంటే చిన్నదైతే, తేదీల లెక్క తప్పి ఉండవచ్చు కాబట్టి కనీసం ఒక వారం ఆగి మళ్ళీ చూస్తారు. ఈమె విషయంలో ఆ సందేహానికి చోటు లేదు. సాయంత్రం ఆమె భర్త దగ్గరి స్నేహితురాలికి రెండు ముక్కల్లో విషయం తెలియజేశాడు.

ఈ క్షణంలో స్నేహితురాలు గుర్తించాల్సిన సంగతి ఏమిటంటే, శారీరకంగా ఇంకా ఏదీ ముగియలేదు. ఆమె ముందు మూడు మార్గాలు ఉంటాయి. సహజంగా బయటపడేదాకా వేచి ఉండవచ్చు, అందుకు కొన్ని వారాలు పట్టవచ్చు. మాత్రలు వాడవచ్చు, అప్పుడు ఇంట్లోనే కొన్ని గంటలపాటు తీవ్రమైన నొప్పి, రక్తస్రావం ఉంటాయి. లేదా ఆసుపత్రిలో చిన్న శస్త్రచికిత్స ద్వారా గర్భాశయాన్ని శుభ్రం చేయించుకోవచ్చు. ఏ మార్గమైనా ఆ తర్వాత రక్తస్రావం వారం నుంచి రెండు వారాలు, కొందరిలో ఇంకొంచెం ఎక్కువ రోజులు ఉంటుంది. గర్భధారణ హార్మోను ఒక్కసారిగా పడిపోదు కాబట్టి వికారం, రొమ్ముల నొప్పి కొన్నాళ్ళు ఉండవచ్చు, ఇంట్లో చేసే గర్భ పరీక్ష మరో మూడు వారాలదాకా రెండు గీతలే చూపవచ్చు. మంగళవారం రాత్రి ‘అయిందేదో అయిపోయింది, ఇక మర్చిపో’ అని వచ్చే సందేశం, మర్నాడు మాత్రలు వేసుకోబోతున్న మనిషికి చేరుతుందన్నమాట. సందేశంలో దుర్మార్గం ఏమీ లేదు, అందులో ఉన్నదల్లా తెలియకపోవడమే.

నాలుగో నెల దాటాక జరిగితే మరో సంగతి ఉంది. సుమారు 16 వారాల తర్వాత గర్భం పోతే రెండు మూడు రోజుల్లో పాలు పడే అవకాశం ఉంటుంది. దాని గురించి ముందుగా ఎవరూ చెప్పనందువల్ల చాలామంది హఠాత్తుగా ఎదుర్కొంటారు. స్నేహితురాలు ఈ విషయాన్ని సందేశంలో రాయనక్కర్లేదు, తెలిసి ఉంటే చాలు. ఆ వారంలో ఆమె ఫోన్ ఎందుకు ఎత్తడం లేదో అర్థమవుతుంది.

నాలుగు వాక్యాలు, ఒక్కొక్కటి చేసే పని

పై సందర్భంలో స్నేహితురాలి చేతికి మొదట వచ్చే సందేశం సాధారణంగా ఇలా ఉంటుంది: ‘అయ్యో, ఏంటే ఇలా అయింది! ఏమైంది అసలు? ధైర్యంగా ఉండు, నీకింకా వయసుంది, మళ్ళీ వస్తుందిలే. ఏం కావాలన్నా అడుగు. ఒకసారి ఫోన్ చెయ్యి.’ ఆప్యాయత నిండుగా ఉన్న సందేశమే. కానీ లెక్కపెడితే ఇందులో ఆమె మీద నాలుగు పనులు పడ్డాయి: ఏమైందో వివరించాలి, ధైర్యం తెచ్చుకోవాలి, ఏం కావాలో ఆలోచించి అడగాలి, ఫోన్ చేయాలి. పోయినదాని గురించి మాత్రం ఒక్క మాట కూడా లేదు.

అదే స్నేహితురాలు కొంచెం ఆగి ఇలా రాయవచ్చు: ‘విషయం ఇప్పుడే తెలిసింది, చాలా బాధగా ఉందే. ఈ బిడ్డ కోసం మీరిద్దరూ ఎంత ఎదురుచూశారో నాకు తెలుసు. దీనికి జవాబు రాయక్కర్లేదు. గురువారం రాత్రికి అన్నం, చారు, బెండకాయ వేపుడు గేటు దగ్గర ఇచ్చి వెళ్తాను, పైకి రాను.’

మొదటి వాక్యం వార్త చేరిందని చెబుతుంది, అంటే ఆమె మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోనక్కర్లేదు. ‘ఎంత ఎదురుచూశారో’ అన్నది ఈ సందేశానికి గుండెకాయ, ఎందుకంటే జరిగినదాన్ని నష్టంగా ఒప్పుకున్న వాక్యం అదొక్కటే. ‘బిడ్డ’ అన్న మాట ఇక్కడ వాడవచ్చా అన్నది ఆమెను బట్టి ఉంటుంది. ఆమె ఇన్నాళ్ళూ బిడ్డ అని అంటూ ఉంటే బిడ్డ అనాలి, ‘ప్రెగ్నెన్సీ’ అని మాత్రమే అంటూ ఉంటే ‘ఎంత ఆశపెట్టుకున్నారో’ అంటే చాలు. జవాబు అక్కర్లేదన్న మాట నిజంగా పాటించాల్సినది. రెండు గంటలకోసారి ‘చూశావా?’ అని అడిగితే ఆ వాక్యం చెల్లదు.

చివరి వాక్యంలోని వివరాలు అలంకారానికి పెట్టినవి కావు. ‘ఏం కావాలన్నా అడుగు’ అన్నప్పుడు అవసరాన్ని గుర్తించడం, అడగడానికి మొహమాటం దాటడం, అవతలివారి వీలు ఊహించడం అన్నీ బాధలో ఉన్న మనిషి వంతు అవుతాయి. రోజు, పూట, వస్తువు, చోటు చెప్పేస్తే ఆమె చేయాల్సిందల్లా ‘వద్దు’ అనడమో ఊరుకోవడమో మాత్రమే. ‘పైకి రాను’ అన్నది ముఖ్యం. మన ఇళ్ళలో మనిషి వస్తే లేచి కాఫీ పెట్టాలి, ఇల్లు సర్దాలి, ముఖం కడుక్కుని నవ్వాలి. రక్తస్రావంతో పడుకున్న స్త్రీకి ఆ మర్యాద కూడా ఒక బరువే.

స్నేహం అంత దగ్గరిది కాకపోతే, ఉదాహరణకు ఆఫీసులో ‘మీరు’ అని పిలుచుకునే పరిచయమైతే, ఇంకా తక్కువ రాయాలి: ‘విషయం తెలిసిందండీ. చాలా బాధపడ్డాను. ఈ వారం మీ పని నేను చూసుకుంటాను, దాని గురించి ఆలోచించకండి.’ ఇంతకు మించితే పరిచయం హద్దు దాటుతుంది. ఆ సంగతి ఆమె నోటి నుంచి కాక మరొకరి ద్వారా తెలిసి ఉంటే, ఎవరి ద్వారా తెలిసిందో చెప్పడం నిజాయితీ. తన విషయం ఎంతమందికి తెలుసోనన్న ఆందోళన అప్పుడు ఆమెకు కొంత తగ్గుతుంది.

మంచి ఉద్దేశంతోనే గుచ్చే మాటలు

‘తొందరగానే పోయింది, అదే నయం’, ‘ఇంకా వయసుంది’, ‘అంతా మన మంచికే’, ‘మా వదినకి రెండుసార్లు ఇలాగే అయింది, ఇప్పుడు ఇద్దరు పిల్లలు’ — ఈ మాటల్లో కొన్ని నిజమే. ఒకసారి గర్భం పోయినవారిలో ఎక్కువమందికి తర్వాతి గర్భం నిలుస్తుంది. చిక్కు నిజంలో లేదు, సమయంలో ఉంది. ఆమె ఇప్పుడు దుఃఖిస్తున్నది ఈ గర్భం గురించి. రాబోయే గర్భం గురించి చెబితే, దీని స్థానంలో అది వస్తే సరిపోతుందన్న అర్థం వినిపిస్తుంది. వదిన ఉదాహరణ కూడా ఒకరోజు పనికొస్తుంది, ఆమె తానుగా ‘ఇంకెవరికైనా ఇలా అయిందా?’ అని అడిగిన రోజున. అప్పటిదాకా ఆ కథ తన కథకు అడ్డు వచ్చినట్టే ఉంటుంది.

వీటికంటే ఎక్కువ హాని చేసేవి కారణం వెతికే ప్రశ్నలు: ‘బొప్పాయి తిన్నావా?’, ‘బండి మీద ఆఫీసుకు వెళ్ళావా?’, ‘బిందె ఎత్తావా?’. ఇవి ప్రశ్నల్లా కనిపించే తీర్పులు. తొలి మూడు నెలల్లో జరిగే గర్భస్రావాల్లో సుమారు సగానికి కారణం పిండంలోని క్రోమోజోముల లోపం. అండం, వీర్యకణం ఏర్పడేటప్పుడో, కలిసిన తర్వాత కణాలు విభజన చెందేటప్పుడో క్రోమోజోముల సంఖ్య తారుమారు అవుతుంది, అలాంటి పిండం కొన్ని వారాలకు మించి పెరగలేదు. ఇది చాలావరకు యాదృచ్ఛికం. తల్లి వయసు పెరిగే కొద్దీ దీని అవకాశం పెరుగుతుంది. అదుపులో లేని మధుమేహం, కొన్ని థైరాయిడ్ సమస్యలు, రక్తం గడ్డకట్టే తత్వానికి సంబంధించిన కొన్ని రుగ్మతలు, పొగతాగడం మిగతా కారణాల్లో ఉన్నాయి. రోజువారీ ఇంటిపని, ఆఫీసుకు వెళ్ళిరావడం, సాధారణ ప్రయాణం ఆ జాబితాలో లేవు. పై సందర్భంలోని స్త్రీ విషయమే చూస్తే, పిండం పెరుగుదల ఎనిమిదో వారంలో ఆగింది. పదో వారంలో ఆమె ఎక్కిన మెట్లకూ దానికీ సంబంధం ఉండే వీలే లేదు.

అయినా నింద తేలిగ్గా పోదు. 2015లో అమెరికాలో ప్రచురితమైన ఒక సర్వేలో, బరువులెత్తడం వల్ల గర్భస్రావం అవుతుందని నమ్మినవారు 64 శాతం, మానసిక ఒత్తిడి కలిగించే ఒక సంఘటన వల్ల అవుతుందని నమ్మినవారు 76 శాతం ఉన్నారు. అదే సర్వేలో గర్భస్రావాన్ని స్వయంగా ఎదుర్కొన్నవారిలో 47 శాతం తప్పుచేసిన భావనతో బాధపడ్డామన్నారు. బిందెల ప్రశ్న ఒక్క మన పెద్దవాళ్ళదే కాదని దీనివల్ల తెలుస్తుంది.

అయితే ‘నీ తప్పేం లేదు’ అన్న వాక్యం మొదటి సందేశంలోనే ఉండాలా? ఉంటే మంచిదని చాలామంది అంటారు. ఇక్కడ కొంచెం ఆలోచించాలి. తన తప్పు అన్న ఊహే రాని మనిషికి ఆ మాట, ఎవరో తన వెనక అలా అంటున్నారన్న అనుమానం కలిగించవచ్చు. ఆమె ‘ఆ రోజు అంత దూరం నడవకుండా ఉండాల్సింది’ అని ఒక్కసారి అన్నా, లేదా ఇంట్లో అలాంటి ప్రశ్నలు మొదలయ్యాయని తెలిసినా, అప్పుడు వెనకాడకుండా చెప్పాలి, కారణంతో సహా చెప్పాలి: ‘నడవడం వల్ల కాదు. ఎక్కువసార్లు పిండంలోనే ఏదో తేడా ఉంటుందట. నువ్వు ఏం చేసినా ఆగేది కాదు.’ వట్టి ‘నీ తప్పు కాదు’ కంటే ఈ మూడు వాక్యాలు గట్టివి, ఎందుకంటే అత్తగారు మళ్ళీ అడిగినప్పుడు ఆమె చేతిలో ఒక జవాబు ఉంటుంది.

భర్తకు ఒక మాట, ఆఫీసులో ఒక జాగ్రత్త

కబురు మోసేది ఎక్కువగా భర్తే కాబట్టి అతణ్ణి అందరూ ‘తను ఎలా ఉంది?’ అనే అడుగుతారు. అతని వంతు నష్టాన్ని గుర్తించడానికి ‘మీకూ ఇది కష్టమే, తెలుసు’ అన్న ఒక్క వాక్యం సరిపోతుంది.

ఆఫీసు విషయంలో స్నేహితులు తెలిసి ఉండాల్సింది సెలవు హక్కు. గర్భస్రావం జరిగిన రోజు తర్వాత ఆరు వారాల వేతన సెలవుకు 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం 9వ సెక్షన్ వీలు కల్పించింది. దాని స్థానంలో వచ్చిన 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ ఆరు వారాలు ఉన్నాయి. వైద్యుల ధ్రువపత్రం ఇవ్వాలి. ఈ సంగతి తెలియక, తెలిసినా కారణం బయటపడుతుందని, మూడు రోజుల సిక్ లీవ్ పెట్టి తిరిగి వచ్చేసేవాళ్ళు ఉన్నారు. స్నేహితురాలు సహోద్యోగి కూడా అయితే ఆ సమాచారం చెప్పడం మంచిదే. కానీ టీమ్ గ్రూపులో ‘ఆమెకు ఇలా అయింది, అందరూ ప్రార్థించండి’ అని పెట్టడం ఆమె అనుమతి లేకుండా చేయకూడని పని. ఎవరికి ఏం చెప్పాలో ఆమెనే అడగాలి. ‘ఆరోగ్యం బాగాలేదు’ అన్నంతవరకే చెప్పమంటే అంతవరకే.

రెండో సందేశం

మొదటి వారంలో సందేశాలు చాలా వస్తాయి, నెల తిరిగేసరికి ఆగిపోతాయి. బాధ ఆ వేగంతో తగ్గదు. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, తొలి నెలల్లో గర్భం పోయిన స్త్రీలలో 29 శాతం మందికి నెల తర్వాత తీవ్ర మానసిక ఆఘాత లక్షణాలు ఉన్నాయి. తొమ్మిది నెలల తర్వాత కూడా 18 శాతంలో అవి కొనసాగాయి. పదో వారంలో గర్భం పోయినవారికి, కాన్పు తేదీ అని మొదట రాసి ఇచ్చిన రోజు ఇంకా 30 వారాల దూరంలో ఉంటుంది. ఈలోగా ఫోన్‌లోని గర్భధారణ యాప్ తీసేయకపోతే అది ‘ఈ వారం మీ పాపాయి ఇంత పెరిగింది’ అని చెబుతూనే ఉంటుంది. ఈ యాప్ సంగతి భర్త చెవిన వేయడం స్నేహితురాలు చేయగల చిన్న సాయం.

అందువల్ల ఐదారు వారాల తర్వాత వెళ్ళే రెండో సందేశానికి మొదటిదానికంటే ఎక్కువ విలువ ఉండవచ్చు. ‘నువ్వు గుర్తొచ్చావు. ఎలా ఉన్నావో చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే ఊరికే సినిమా కబుర్లు చెప్పుకుందాం’ అంటే రెండు దారులూ తెరిచి ఉంటాయి. కాన్పు తేదీ తెలిసినవారు ఆ వారంలో ఒక ముక్క రాయవచ్చు, తేదీని ప్రస్తావించకుండా.

అన్నిటికంటే చిక్కైనది మరో స్నేహితురాలి సీమంతం. పిలవకపోతే వెలివేసినట్టు, అందరితోపాటు గ్రూపులో పిలిస్తే పట్టించుకోనట్టు. ఆహ్వానం గ్రూపులో పడే ముందే విడిగా ఒక సందేశం వెళ్ళాలి: ‘పదిహేనో తారీకున సీమంతం. నువ్వు వస్తే సంతోషం, రాలేకపోతే నాకు అర్థమవుతుంది, కారణం చెప్పక్కర్లేదు.’ కొన్ని ఇళ్ళలో గర్భం పోయిన స్త్రీని సీమంతంలో గాజులు తొడగనివ్వకపోవడం ఇంకా ఉంది. పిలిచే ఇంట్లో అలాంటి పట్టింపు ఉంటుందో లేదో పిలిచే మనిషి ముందే తేల్చుకోవాలి. పిలిచి పక్కన కూర్చోబెట్టడం కంటే పిలవకపోవడం నయం.

మాటలు చాలని చోట

స్నేహితురాలు వైద్యురాలు కాదు, కానీ ఆమెతో మాట్లాడుతున్న మొదటి మనిషి తానే కావచ్చు. గంటకు రెండు పెద్ద ప్యాడ్‌లు పూర్తిగా తడిసేంత రక్తస్రావం వరసగా రెండు గంటలు ఉన్నా, జ్వరం వచ్చినా, దుర్వాసనతో స్రావం అవుతున్నా, కళ్ళు తిరిగి పడిపోతున్నా ఓదార్పు ఆపి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆమె రక్తం నెగటివ్ గ్రూపు అయితే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమా అని డాక్టర్‌ను అడగమని గుర్తుచేయడం కూడా ఉపయోగపడుతుంది.

వారాలు గడిచినా నిద్ర పట్టకపోవడం, స్కానింగ్ గది పదే పదే కళ్ళముందుకు రావడం, ఎవరినీ కలవలేకపోవడం ఉంటే అది స్నేహితుల మాటలకు లొంగే స్థితి కాదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ-మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవకు బెంగళూరులోని నిమ్హాన్స్ ప్రధాన కేంద్రం. 14416కు ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా ఉచితంగా సలహాదారు దొరుకుతారు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ‘నువ్వు ఎవరికైనా చూపించుకో’ అంటే తనలో ఏదో లోపం ఉందన్నట్టు వినిపిస్తుంది. ‘శనివారం నేను వస్తాను, ఇద్దరం కలిసి ఫోన్ చేద్దాం’ అంటే చేసే అవకాశం ఎక్కువ. చనిపోవాలన్న మాట ఒక్కసారి వినిపించినా శనివారం దాకా ఆగకూడదు, ఆ రాత్రే ఎవరో ఒకరు ఆమె దగ్గర ఉండేలా చూడాలి, భర్తకు తెలియజేయాలి, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.